నీటి పొదుపు పాటలోంచి 'పొదుపు' ఎందుకు తీసేశాను

జలమే జీవం జగతికి మూలం
పొదుపుగ వాడుట మన కర్తవ్యం

ఈ రెండు లైన్లు రాసింది నేనే. ఇంకెవరో రాసినట్టు తప్పించుకుందామని లేదు. గుంటూరు బ్రాడీపేటలో ఫ్లెక్సీలు కొట్టేవాళ్ళకీ ఆటోకి మైకు కట్టుకుని తిరిగేవాళ్ళకీ చిన్నచిన్న మాటలు రాసిపెట్టడం నాకు చాలాకాలంగా అలవాటు. పోయిన వేసవిలో మా అక్క అత్తగారి ఊరి నుంచి ఫోనొచ్చింది. దుగ్గిరాల దగ్గర, కొమ్మమూరు కాలువ కింద ఊరు. కాలువ కట్టేశాక చెరువులో నిలవ పెట్టుకున్న నీళ్ళతోనే మళ్ళీ కాలువ వదిలేదాకా నెట్టుకురావాలి. చెరువు తగ్గుతోంది, నీళ్ళు దండగ చేయొద్దని పిల్లల చేత ఒక పాట పాడిద్దాం, నాలుగు ముక్కలు రాసివ్వరా అని బావ అడిగాడు. టీ తాగేలోపు రాసిచ్చేశాను.

లెక్కకేం లోటు లేదు. చిన్న అక్షరం ఒక మాత్ర, దీర్ఘమో సున్నానో ఉన్నది, లేదా వెనకాల ఒత్తక్షరం తగిలినది రెండు మాత్రలు, అంతేగా. 'జలమే' నాలుగు, 'జీవం' నాలుగు, 'జగతికి' నాలుగు, 'మూలం' నాలుగు. పదహారు. రెండో లైను కూడా పదహారే. తాళం ఎక్కడా తప్పదు. అయినా ఇంత పనికిరాని పాట నేను ఇంకోటి రాయలేదు. ఎందుకు పనికిరాలేదో తెలుసుకోవడానికి ఆ ఊరికి మూడుసార్లు పోవాల్సొచ్చింది.

మొదటిసారి పోయినప్పుడు రామాలయం అరుగు మీద పిల్లలు పాడుతున్నారు. పక్కనే మిరపకాయల తొడాలు తీస్తున్న ఆడవాళ్ళు వింటున్నారు. పాట అయిపోయాక వాళ్ళలో ఒక పెద్దావిడ అడిగింది, "ఏంది నాయనా, మా పొదుపు గ్రూపు మీద పాట కట్టారా?" అని. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తల తిరిగింది. మన ఊళ్ళల్లో 'పొదుపు' అంటే డ్వాక్రా. పొదుపు సంఘం, పొదుపు మీటింగు, పొదుపు డబ్బులు, ఇవే. ఆ మాట చెవిన పడగానే ఆవిడకి నెలనెలా కట్టే వాయిదా గుర్తొస్తుంది గానీ నీళ్ళు ఎందుకు గుర్తొస్తాయి? పైగా పాటలో 'నీళ్ళు' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. 'జలం' ఉంది. జలం అని మంత్రాల్లో అంటారు, పంపు దగ్గర ఎవరూ అనరు.

సరే, మాట మారిస్తే చాలనుకున్నాను. అక్కడే అరుగు మీద కూర్చుని ఇంకోటి రాశాను. "కట్టు కట్టు కొళాయి కట్టు" అని మొదలవుతుంది. పిల్లలు ఎగిరి గంతేశారు. తిట్టులాగా కూత పెట్టడానికి బావుంటుంది కదా. రెండు రోజులు బజారు బజారూ తిరిగి పాడారు. మూడో రోజు బావ ఫోన్ చేసి నవ్వు ఆపుకోలేకపోయాడు. కొళాయి పన్ను బాకీ ఉన్నవాళ్ళు పంచాయతీ వాళ్ళు పిల్లల్ని పెట్టి అడిగిస్తున్నారని గొడవకొచ్చారట. 'కట్టు' అంటే పంపు కట్టెయ్యడమూ అవుతుంది, పన్ను కట్టడమూ అవుతుంది. కొళాయి అన్న మాట పక్కన చేరితే రెండో అర్థమే ముందొస్తుంది. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ డబ్బుల పాటే అయింది.

అప్పుడు చేశాను, మొదట్లోనే చెయ్యాల్సిన పని. పొద్దున నీళ్ళు వదిలే టైముకి పోయి పంపు దగ్గర గంటసేపు నిలబడ్డాను. పైపులు ఇంటింటికీ వేస్తున్నా మా అక్క వాళ్ళ బజారులో ఇప్పటికీ చాలామందికి వీధి పంపే దిక్కు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బిందె ఒకటిన్నర నిమిషంలో నిండుతోంది. అంటే నిమిషానికి 10 లీటర్లు. బిందె నిండగానే ఆవిడ వంగి ఎత్తుకుని చంకన పెట్టుకుంటుంది, వెనకావిడ తన బిందెని కాలితో ముందుకి జరుపుతుంది, ఈలోగా పంపు పోతూనే ఉంటుంది. ఒక బిందె తీసి ఇంకో బిందె పెట్టడానికి పట్టే టైము నేను చూసినంతలో సుమారు 12 సెకన్లు. రెండు లీటర్లు. ఆ గంటలో సుమారు 35 బిందెలు నిండాయి. అంటే 70 లీటర్లు మురుగు కాలవలోకి పోయాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఊళ్ళో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలని పెట్టుకుంది. ఒక్క పంపు దగ్గర, ఒక్క గంటలో, ఒక మనిషి రోజు వాటా కంటే ఎక్కువే పోతోంది. అది కూడా ఎవరూ పొగరుతో వదిలింది కాదు. చేతులు రెండే ఉంటాయి, అవి రెండూ బిందె మీద ఉంటాయి.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. ఇలాంటి పాటకి కావాల్సింది నీటి గొప్పతనం కాదు. నీళ్ళు గొప్పవని, పొద్దున నాలుగింటికి లేచి లైన్లో బిందె పెట్టుకునే మనిషికి నేను చెప్పేదేంటి? ఆవిడకి తెలియనిది, లేదా తెలిసీ చెయ్యనిది, ఒక చిన్న వరస. ముందు పంపు కట్టు, తర్వాత బిందె ఎత్తు. అందరూ ముందు ఎత్తుతున్నారు. పాట మొత్తం ఆ వరస మీదే నడవాలి, ఇంకేమీ అక్కర్లేదు. స్నానం, గేదెలు కడగడం, ఇంకుడు గుంత, చెట్లు నాటడం అన్నీ నాలుగు లైన్లలో ఇరికించమని ఊళ్ళో ఒకరిద్దరు పెద్దమనుషులు అడిగారు. ఇరికించవచ్చు, కానీ అప్పుడు అది పాట కాదు, పంచాయతీ నోటీసు అవుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆటో మైకు మెల్లగా గంటకి 10 కిలోమీటర్ల చొప్పున పోయినా 16 సెకన్లలో 40 మీటర్లు దాటిపోతుంది. ఒక ఇంటి ముందు నిలబడ్డ మనిషికి వినపడేది ఆ కాసేపే. పదహారు సెకన్లంటే, చప్పట్లు కొట్టుకుంటూ పాడే వేగంలో, నాలుగు లైన్లు. అందుకని నాలుగే.

చివరికి నిలబడింది ఇది. మొదటి లైను ఒకరు అడగాలి, రెండోది అందరూ చెప్పాలి. మూడు, నాలుగు కూడా అంతే.

బిందె నిండితే ఏం చెయ్యాలి?
పంపు కట్టి మరి బిందెత్తాలి!
ఒక్క పంపుతో ఏమవుతుంది?
చివరి ఇంటికీ నీరందుతుంది!

ఒకరు అడగడం, గుంపు జవాబు చెప్పడం నేను కనిపెట్టింది కాదు. మన పొన్నెకల్లు షేక్ నాజర్ గారు దేశమంతా వినిపించిన బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు, ఆయన అంటాడు, వాళ్ళు అందుకుంటారు. గుంపు పాటకి దీనివల్ల రెండు లాభాలు. అందరూ ఒకేసారి నాలుగు లైన్లు పాడితే పిల్లలకి ఊపిరి అందదు, మూడో లైనుకి గొంతులు పడిపోతాయి. ఇక్కడ ఒక లైను పాడి ఒక లైను ఊపిరి పీల్చుకోవచ్చు. రెండోది, గుంపుకి వచ్చేది జవాబు మాత్రమే కాబట్టి, నేర్చుకోవాల్సింది సగమే. ఆ సగంలోనే చెయ్యాల్సిన పని ఉంది. ప్రశ్న మర్చిపోయినా నష్టం లేదు, జవాబు నోట్లో ఉంటే చాలు.

'కట్టి' మళ్ళీ వచ్చిందేంటి, పన్ను గొడవ ఏమైంది అని అడగొచ్చు. 'ఆపి' అనే రాశాను ముందు. "పంపు ఆపి మరి". కాగితం మీద మాత్రలు అవే. కానీ పిల్లలు వేగంగా పాడేసరికి రెండు అచ్చులు కలిసిపోయి "పంపాపి" అయింది. ఒక మాత్ర మింగేశారు, చప్పట్లు ముందుకి జారాయి, పైగా పంపాపి అంటే వినేవాడికి ఏదో పురుగు పేరులా ఉంది. 'కట్టి' అయితే క గట్టిగా పలుకుతుంది, ముందు మాటతో కలిసిపోదు, డొక్కు మైకులో కూడా తెలుస్తుంది. ఇక అర్థం సంగతి. ఒంటరిగా "కొళాయి కట్టు" అంటే పన్ను గుర్తొస్తుంది గానీ బిందె నిండాక కట్టేది ఏంటో ఎవరికీ అనుమానం రాదు. ముందు లైను ఆ అనుమానాన్ని తీసేసింది. మాటకి అర్థం పక్కమాట ఇస్తుందని బళ్ళో చదువుకున్నాం, నాకు మాత్రం పన్ను గొడవ అయితే గానీ ఎక్కలేదు.

మూడో లైను నాది కాదు. పంపు దగ్గర నిలబడ్డప్పుడు నేనే ఒకావిడతో, "పిన్నీ, కట్టేసి ఎత్తుకోవచ్చు కదా" అన్నాను. "ఒక్క పంపుతో ఏమవుద్దిలే అబ్బాయ్" అంది. ఆ మాటే దించేశాను, మైకు కోసం 'ఏమవుద్ది'ని 'ఏమవుతుంది' చేసి. ఎదుటివాళ్ళ మనసులో ఉన్న అడ్డుమాట వాళ్ళ నోటితోనే పాటలో వినిపిస్తే, దానికి జవాబు కూడా వాళ్ళే పాడాల్సొస్తుంది. బోధ చేసినట్టు ఉండదు. ఆ జవాబు అబద్ధం కాకూడదు, అది ముఖ్యం. ట్యాంకు దగ్గర నుంచి పైపు ఒక్కటే, అది బజారు పొడవునా పోతుంది. ముందున్న పంపులు తెరిచే ఉంటే చివరికి పోయేసరికి ఒత్తిడి ఉండదు, నీళ్ళు సన్నని దారంలా వస్తాయి. వదిలేది గంటసేపే కాబట్టి చివరింటివాళ్ళకి రెండు బిందెలు నిండకముందే ఆగిపోతాయి. అందుకే వాళ్ళు మోటారు బిగించి లాగుతారు, దాంతో పక్కింటికి ఆ దారం కూడా రాదు. ఊళ్ళో నీళ్ళ కొట్లాటలు సగం ఇక్కడ పుట్టినవే. 'భూగోళాన్ని కాపాడు' అంటే ఎవరికీ పట్టదు. చివరింట్లో ఎవరుంటారో మాత్రం అందరికీ తెలుసు, ఏదో ఒక వరసలో చుట్టం కూడా అయ్యుంటారు.

ఇప్పుడు చప్పట్ల సంగతి. నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ప్రతి లైనులో మొదటి సగం ఎనిమిది మాత్రలు, కానీ నాలుగు నాలుగుగా కాదు, మూడు మూడు రెండుగా విరుగుతుంది. బిందె, నిండి, తే. పంపు, కట్టి, మరి. ఒక్క, పంపు, తో. చివరి, ఇంటి, కీ. మూడు చప్పట్లు పడతాయి, మూడోది కొంచెం తొందరగా. ఆ తొందరలోనే ఊపు ఉంది. రెండో సగం మామూలుగా నాలుగు, నాలుగు. రెండు చప్పట్లు. "ఏం చెయ్" మీద మొదటిది మొదలై "య్యా" దగ్గర రెండోది పడుతుంది. బిందెత్తాలి అన్నప్పుడు "త్తా" మీద, ఏమవుతుంది అన్నప్పుడు "తుం" మీద. ఆఖరి అక్షరాన్ని కాస్త సాగదీస్తే ఎనిమిది నిండుతుంది. మూడు, రెండు, మొత్తం అయిదు చప్పట్లు. డప్పు లేకపోయినా, బిందె మీద వేళ్ళతో కొట్టినా సరిపోతుంది.

బాణీ గురించి పెద్దగా చెప్పేది లేదు. పిల్లలకీ ముసలివాళ్ళకీ ఒకే శ్రుతి కుదరదు, కాబట్టి స నుంచి ప దాటకుండా అయిదు స్వరాల్లోనే తిప్పాం. ప్రశ్న పైకి పోయి ఆగుతుంది, జవాబు కిందికి దిగి స దగ్గర కూర్చుంటుంది.

అంతా బావుంది అనుకున్నాను, నాలుగో లైను తప్ప. ప్రాక్టీసులో ప్రతిసారీ అక్కడే చప్పట్లు చెదిరేవి. పిల్లలు సరిగ్గా కొట్టట్లేదని విసుక్కున్నాను కూడా. రెండు రోజుల తర్వాత పోయేసరికి ఆడవాళ్ళు ఎవర్నీ అడక్కుండా మార్చేసుకున్నారు. "చివరి ఇంటికీ నీళ్ళొస్తాయి" అని పాడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏమవుతుంది, నీరందుతుంది అని అంత చక్కగా ప్రాస కుదిరితే దాన్ని పాడుచేశారని. అక్క దగ్గర గొణిగాను. "నీరందుతుంది అని ఎవరంటార్రా, నీళ్ళొస్తాయి అంటాం" అంది. అది సరే, ప్రాస? రాత్రి డాబా మీద పడుకుని వేళ్ళు లెక్కపెట్టుకుంటే అప్పుడు దొరికింది. మిగతా మూడు లైన్లలోనూ ఆఖరి చప్పట్లో పడే అక్షరం బరువైనది. య్యా, త్తా, తుం. నీరందుతుంది అన్నప్పుడు అక్కడ పడేది "దు". ఒక్క మాత్ర, తేలికది. నీ, రం అయ్యేసరికి నాలుగు మాత్రలు, అయిదో మాత్ర దగ్గర చప్పట్లు పడాలి, అక్కడ చెయ్యి ఆనడానికి ఏమీ లేదు. నీళ్ళొస్తాయి అన్నప్పుడు "స్తా" పడుతుంది, చెయ్యి గట్టిగా ఆనుతుంది. మాత్రల మొత్తం చూసుకున్నాను గానీ బరువు ఎక్కడ పడుతుందో చూసుకోలేదు. వాళ్ళకి మాత్రలంటే ఏంటో తెలియదు, చేతులకి తెలిసింది.

ప్రాస పోయింది. పోనీ. గుంపు పాటలో ప్రాస కంటే చప్పట్లు ముఖ్యం అని ఇప్పుడు పందెం కాస్తాను. ప్రాస గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది నిజమే, కానీ ప్రశ్నా జవాబూ ఉన్నప్పుడు ఆ పని ప్రశ్నే చేసేస్తుంది.

పాట నిలబడిందా లేదా అని చూడటానికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. నేర్పినవాళ్ళ చేత పాడించి మురిసిపోవడం దండగ. ప్రాక్టీసుకి రాని పిల్లాడిని రెండు రోజుల తర్వాత పట్టుకుని మొదటి సగం అనాలి, "బిందె నిండితే..." అని ఆగిపోవాలి. వాడు "ఏం చెయ్యాలి" అని అందుకుంటే పాట ఊళ్ళో తిరుగుతున్నట్టు. జవాబు కూడా చెప్పేస్తే ఇక మనం ఇంటికి పోవచ్చు. 'జలమే జీవం' పాటని ఇలా అడిగితే, నేర్చుకున్న పిల్లలే "జగతికి" దగ్గర నీళ్ళు నమిలారు. ఇది మాత్రం కిరాణా కొట్టు దగ్గర గోలీలాడుతున్న వాడు తల ఎత్తకుండానే పూర్తిచేశాడు.

పాటతో కానిది కూడా ఉంది, అది దాచకూడదు. చెరువు వైపు బజారులో రెండు పంపులకి తలలే లేవు. ఎప్పుడో విరిగిపోతే చెక్క బిరడా కొట్టి, నీళ్ళొచ్చినప్పుడు పీకేస్తున్నారు. అక్కడికి పోయి "పంపు కట్టి మరి" అని పిల్లలు పాడితే ఒకాయన, "ఏం కట్టమంటార్రా, నా తలా?" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. ఆ బజారులో పాట ఆపించాం. అరంగుళం పంపు తలలు రెండు కొని, మరలకి తెల్ల టేపు చుట్టి బిగించడానికి ప్లంబరుకి అరగంట పట్టింది. తర్వాతే పాడారు. నన్నడిగితే ఇలాంటి పాట కట్టే ముందు ఊళ్ళో ఉన్న ప్రతి పంపూ ఒకసారి తిప్పి చూడాలి. కట్టెయ్యడానికి వీల్లేని పంపు దగ్గర కట్టమని పాడితే అది వెక్కిరింతే అవుతుంది, ఆ తర్వాత ఇంకే పాటనీ ఆ బజారు వినదు. భూమిలో పగిలిన పైపు గురించి కూడా పాట ఏమీ చెయ్యలేదు, దానికి గడ్డపార కావాలి.

మళ్ళీ పంపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. అందరూ మారలేదు. పాట వినపడుతున్నంతసేపు కట్టి ఎత్తేవాళ్ళు, పిల్లలు పోయాక మళ్ళీ పాత అలవాటుకి పోయేవాళ్ళు కొందరు. కానీ వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు కట్టెయ్యడం మొదలుపెట్టారు. ముందావిడ చేతులు బిందె మీద ఉంటాయి కానీ వెనకావిడ చేతులు ఖాళీయే కదా. ఇది నాకు తట్టని సంగతి, పాటలో లేదు కూడా. ఇంకో రెండు లైన్లు రాద్దామా అనుకున్నాను, నాలుగే అని నేనే పెట్టుకున్న నియమం గుర్తొచ్చి ఊరుకున్నాను.

మొన్న అక్క ఫోన్ చేసింది. చివరింట్లో ఉండే పిన్ని ఇప్పుడు ఆఖరి లైనుని రోజుకో రకంగా పాడుతోందట. నీళ్ళు అందిన రోజు "చివరి ఇంటికీ నీళ్ళొచ్చాయి" అంటుంది. అందని రోజు గుమ్మంలో నిలబడి, పై బజారు వాళ్ళకి వినపడేలా, "చివరి ఇంటికీ నీళ్ళేవమ్మా?" అని చప్పట్లు కొడుతుందట. ఫోన్ చెవిన పెట్టుకునే వేళ్ళు మడిచాను. నీళ్, ళే, వమ్, మా. ఎనిమిది. రెండో చప్పట్లు సరిగ్గా "వమ్" మీదే పడ్డాయి.